మొలలకు మందు అడగడానికి సిగ్గుపడే పిల్లవాడితో మెడికల్ షాపులో ఎలా మాట్లాడాలి

హనుమకొండలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న వీధుల్లో మెడికల్ షాపు నడిపేవాళ్లకు ఈ బేరం బాగా తెలుసు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లవాడు వస్తాడు. కౌంటర్ ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి సబ్బులు, షాంపూలు చూస్తుంటాడు. చివరికి ఫోన్‌లో ఏదో ట్యూబు ఫోటో చూపించి, పేరు నోటితో అనకుండా "ఇది ఉందా అన్నా?" అంటాడు. ట్యూబు చేతికిస్తే రెండు నిమిషాల్లో డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. మనకూ పని అయిపోతుంది.

అలా ఇచ్చి పంపకండి. అతను మొలలని తనకు తానే పేరు పెట్టుకుని వచ్చాడు. నిజంగా మొలలా, చీలికా, చీముగడ్డా, లేక రక్తం పైనెక్కడి నుంచో వస్తోందా అన్నది కౌంటర్ దగ్గర నిలబడి ఎవరూ తేల్చలేరు. పరీక్ష చేయకుండా డాక్టరు కూడా తేల్చలేడు. మనం తేల్చగలిగింది ఒక్కటే: ఇతను డాక్టరు దగ్గరికి ఎంత తొందరగా వెళ్లాలి? ఈరోజే వెళ్లాలా, ఈ వారంలోనా, లేక ఒక వారం ఇంటి జాగ్రత్తలతో చూసి వెళ్లవచ్చా? మీరు అడిగే ప్రతి ప్రశ్న దీన్ని తేల్చడానికే ఉండాలి.

ముందు చోటు మార్చండి

ఫోటో చూడగానే ట్యూబు పేరు గట్టిగా చదవకండి. "పైల్స్‌కా?" అని అడగకండి. వెనక నిలబడ్డ పెద్దమనిషి విన్నాడంటే ఆ పిల్లవాడు "లేదన్నా, మా దోస్తుకు" అంటాడు. ఆ తర్వాత చెప్పేవన్నీ దోస్తు సంగతులే అవుతాయి, సగం అబద్ధాలే ఉంటాయి.

"ఇటు రా తమ్మీ, స్టాక్ చూసి చెప్తా" అని కౌంటర్ చివరికి, ఫ్రిజ్ పక్కకు పిలవండి. షాపులో పనిచేసే పిల్లలుంటే ఏదో పని చెప్పి పంపండి. గొంతు తగ్గించండి. అతని ముఖంలోకే చూస్తూ అడగకండి, బిల్లు పుస్తకం వైపో మందు డబ్బా వైపో చూస్తూ అడిగితే అతనికి సులువుగా ఉంటుంది. మధ్యలో ఇంకొకరు వస్తే మాట ఆపేసి, వాళ్లను పంపి మళ్లీ మొదలుపెట్టండి.

మొదటి ప్రశ్నలోనే అతను వాడుకోవడానికి మాటలు మీరే అందించాలి. "మోషన్‌కు పోయినప్పుడు ఇబ్బందా? మంటనా, రక్తమా, దురదనా?" అంటే అతను ఏదో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. "ఏమైంది చెప్పు" అంటే మాత్రం నోరు పెగలదు.

రక్తం సంగతి, నొప్పి సంగతి విడివిడిగా అడగండి

రక్తం పడుతోందంటే మూడు విషయాలు కావాలి: ఏ రంగు, ఎక్కడ కనిపిస్తోంది, ఎంత పడుతోంది. మొలల రక్తం సాధారణంగా టమాటా రంగులో, ఎర్రగా ఉంటుంది. మోషన్ అయ్యాక చుక్కలు చుక్కలుగా పడుతుంది, లేదా మలం పైపైన అంటుకుని ఉంటుంది. మలంలో కలిసిపోయి వస్తే, ముదురు ఎరుపులో ఉంటే, గడ్డలుగా పడితే, జిగురుతో కలిసి వస్తే అది మొలలని అనుకోవడానికి లేదు. తారులాగా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో వస్తే రక్తం పైనున్న కడుపు నుంచో చిన్నపేగు మొదట్లో నుంచో కారుతోందని అర్థం చేసుకుని అదే రోజు ఆస్పత్రికి పంపాలి. ఐరన్ గోళీలు వేసుకునేవాళ్లకు కూడా మలం నల్లగా అవుతుంది, కాబట్టి ఆ మాట ముందే అడగండి.

నొప్పి అంటే ఎప్పుడు మొదలై ఎంతసేపు ఉంటోందో అడగండి. లోపలి మొలలకు మామూలుగా నొప్పి ఉండదు. మోషన్ వస్తున్నప్పుడు గాజుపెంకుతో కోసినట్టుందని, తర్వాత గంటా రెండు గంటలు మంట పోదని అంటే అది ఎక్కువగా చీలిక, అంటే ఫిషర్. దానికి రక్తం కొంచెమే, గీతలాగా కనిపిస్తుంది. నిన్న లేనిది ఈరోజు పొద్దున లేచేసరికి బఠాణీ గింజంత నీలంగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పిగా ఉబ్బిందంటే బయటి మొలలో రక్తం గడ్డకట్టి ఉంటుంది. దాన్ని మూడు రోజుల్లోపు చూపిస్తే డాక్టరుకు చేయగలిగింది ఎక్కువ ఉంటుంది.

ఒక నొప్పి దగ్గర మాత్రం ఆలోచించే పనే లేదు. మోషన్‌తో సంబంధం లేకుండా రోజంతా సలుపుతోంది, కూర్చోలేకపోతున్నాడు, జ్వరం ఉంది అంటే అక్కడ చీము పడుతోందనే అనుకోవాలి. అది ఈరోజే సర్జన్ చూడాల్సిన గడ్డ. మన షాపులో యాంటీబయాటిక్ ఇచ్చి పంపితే చీము బయటికి పోదు, లోపలికి పాకుతుంది, ఫిస్టులా దాకా పోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లయితే ఇంకా ప్రమాదం.

ఉత్త దురద మాత్రమే ఉంటే మొలలు కాకపోవచ్చు. ఎండాకాలం మన దగ్గర చెమటకు తామర ఎక్కువ, తొడల మధ్య నుంచి వెనక్కి పాకుతుంది. రాత్రిపూట మాత్రమే దురద ఉంటే నులిపురుగులు కావచ్చు. తామర మీద స్టెరాయిడ్ కలిసిన పైల్స్ ఆయింట్‌మెంట్ పూస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత రెట్టింపు అవుతుంది.

ఒక సంభాషణ, మొదటి నుంచి చివరి దాకా

ప్రశ్నలు వరుసగా రాసుకుంటే పోలీసు విచారణలా ఉంటుంది. ఒక మాటలోంచి ఇంకో మాట ఎలా తీయాలో చూపించడానికి కింద ఒక సంభాషణ రాశాను. పిల్లవాడికి ఇరవై మూడేళ్లు, గ్రూప్స్ చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటున్నాడు.

"తమ్మీ, ఈ ట్యూబు ఉంది. ఇచ్చే ముందు రెండు మాటలు అడుగుతా. మోషన్‌కు పోయినప్పుడు మంటనా, రక్తమా?"

"మంట లేదన్నా... రక్తం."

"ఎర్రగ పడ్తాందా, నల్లగనా?"

"ఎర్రగ. అయిపోయినంక చుక్కలు చుక్కలుగ పడ్తాంది. ప్లేటంతా ఎర్రగైతాంది."

"నొప్పి?"

"అస్సలు లేదు. అందుకే ఊకున్న."

"ఏమన్న బుడిపె బయటికి వచ్చినట్టు అనిపిస్తదా?"

(ఇక్కడ చాలాసేపు మాట ఉండదు. తొందరపెట్టకండి. బిల్లు రాస్తున్నట్టు ఉండండి.)

"వస్తదన్నా. లేచి నిలబడితే అదే లోపలికి పోతది."

"ఎన్ని రోజుల సంది?"

"పది పదిహేను రోజులు."

"దసరాకు ఇంటికి పోయినప్పుడు ఉండెనా?"

"ఆ... అప్పుడు కూడా ఉండె. అంటే నెలన్నర అయితాంది."

రోజులు అడిగితే ఎవరైనా తక్కువే చెప్తారు, ముఖ్యంగా సిగ్గుపడేవాళ్లు. పండుగో పరీక్షో ఊరి ప్రయాణమో గుర్తుచేసి అడిగితే అసలు లెక్క బయటికి వస్తుంది. పది రోజులకూ నెలన్నరకూ తేడా చిన్నది కాదు.

"మోషన్ గట్టిగ వస్తాందా? ముక్కవలసి వస్తాందా?"

"గట్టిగనే. మెస్‌ల అన్నం, ఆలుగడ్డ, అంతే. పొద్దంత కూసునే ఉంటం గదా."

"మధ్యలో లూజ్ మోషన్లు గిట్ల అయినయా? రాత్రి నిద్రలకెల్లి లేచి పోవుడు?"

"లేదు."

"బరువు తగ్గినవా? ప్యాంటు లూజు అయ్యిందా?"

"లేదన్నా."

"ఇంట్లో అమ్మకో నాయినకో పెద్దపేగు క్యాన్సర్ లాంటివి?"

"లేవు."

"వేరే గోళీలేమన్న వేసుకుంటానవా?"

"నడుం నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్. కూసోని కూసోని నొప్పి లేస్తది."

ఇక్కడిదాకా చూస్తే మామూలు మొలల కథే. ఎర్రటి రక్తం, నొప్పి లేదు, బయటికి వచ్చి దానంతటదే లోపలికి పోయే బుడిపె, గట్టి మోషన్. అనుభవం ఉన్న షాపువాళ్లు చాలామంది ఇక్కడే ఆగి ట్యూబు, ఇసబ్‌గోల్ డబ్బా చేతికిస్తారు. ఇంకొక్క ప్రశ్న మిగిలే ఉంది.

"రూము ఎన్నో అంతస్తుల ఉంది?"

"మూడో అంతస్తు."

"మెట్లెక్కితే మునుపటిలెక్కనే ఉందా, దమ్ము వస్తాందా?"

"ఈ మధ్య వస్తాందన్నా. చదువుతుంటే తల తిరిగినట్టు గూడ అయితాంది. నిద్ర సరిపోతలేదు అనుకున్న."

"నీరసంగా ఉందా?" అని అడిగితే "లేదు" అనేవాడు. మెట్ల గురించి అడిగాం కాబట్టి చెప్పాడు. కింది కనురెప్ప కొంచెం కిందికి లాగి చూపించమనండి, లోపలి వైపు ఎర్రగా కాకుండా పాలిపోయి ఉంటే అనుమానం బలపడుతుంది. ఎర్రగా ఉన్నట్టు కనిపించినా పరీక్ష చేయించాల్సిందే. నెలన్నరగా రోజూ కొంచెం కొంచెం పోయిన రక్తం ఒంట్లో లెక్కకు వస్తుంది. నొప్పి ఉన్నవాడు మూడోరోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాడు. నొప్పి లేకుండా రక్తం పోయేవాడు నెలల తరబడి ఊరుకుంటాడు, హిమోగ్లోబిన్ పడిపోయాక ఏదో జ్వరానికి రక్తపరీక్ష చేయిస్తే అప్పుడు బయటపడుతుంది. మగవాళ్లకు హిమోగ్లోబిన్ 13 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క.

కాబట్టి ఈ పిల్లవాడు "వారం చూద్దాం" గుంపులో లేడు. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నిలబడితే కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా, రక్తం ఆగకుండా ధారగా పోతున్నా, గుండె దడదడలాడుతున్నా ఆరోజే ఎమర్జెన్సీకి పంపాలి, ఒంటరిగా బస్సెక్కించకుండా 108కు ఫోన్ చేయాలి.

ఇక్కడ ఒక పని అస్సలు చేయకండి. రక్తం తక్కువగా ఉన్నట్టుందని ఐరన్ గోళీలు ఇచ్చి పంపకండి. అవి మోషన్‌ను ఇంకా గట్టిపరుస్తాయి, మలాన్ని నల్లగా మారుస్తాయి. రేపు డాక్టరు మలం రంగు అడిగితే సమాధానం గందరగోళం అవుతుంది. ముందు సీబీపీ రక్తపరీక్ష, తర్వాత ఐరన్. డైక్లోఫెనాక్ మాత్రం ఆపేయమనండి, ఆ గుంపు గోళీలన్నీ రక్తస్రావాన్ని పెంచేవే. నడుం నొప్పికి డాక్టరును కలిసేదాకా పారాసిటమాల్ చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేలా చెప్పడం

"డాక్టరుకు చూపించుకో" అంటే తల ఊపి వెళ్లిపోతాడు, వెళ్లడు. రెండు భయాలు అతన్ని ఆపుతాయి. ఒకటి బట్టలు విప్పాలన్న సిగ్గు, రెండోది ఆపరేషన్ చేస్తారన్న టెన్షన్. ఆ రెండూ అతను అడగడు, మీరే ఎత్తి చెప్పాలి.

"తమ్మీ, అక్కడ ఏం చేస్తరో చెప్తా విను. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పండుకోమంటరు. గ్లౌజు తొడుక్కుని వేలితో చూస్తరు, చిన్న గొట్టం పెట్టి లోపల చూస్తరు. రెండు మూడు నిమిషాల పని. వాళ్లు రోజూ చూసేదే ఇది. ఆపరేషన్ అందరికీ అక్కరలేదు. ఇట్ల లోపలికి పోయే వాటికి చాలాసార్లు మందులతోని, లేకపోతే చిన్న రబ్బరు బ్యాండు వేసి పంపిస్తరు. రక్తం ఇన్ని రోజులు పోయింది కాబట్టి పేగు లోపల కూడా ఒకసారి చూద్దామంటరేమో, అంటే భయపడకు."

ఎక్కడికి వెళ్లాలో కూడా స్పష్టంగా చెప్పండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో అయితే పొద్దున ఓపీ చీటీ తీసుకుని జనరల్ సర్జరీకి వెళ్లాలి. ప్రైవేటులో అయితే జనరల్ సర్జన్ దగ్గరికి. గోడల మీద, కరెంటు స్తంభాల మీద "ఒక్క ఇంజక్షన్‌తో మొలలు మాయం" అని రాసి ఉండే చోట్లకు వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. డిగ్రీ లేనివాళ్లు అక్కడ ఏ మందు ఎక్కిస్తారో తెలియదు. మలద్వారం కుళ్లిపోయినా, సన్నబడి మోషన్ రాకుండా అయినా సరిదిద్దడం మొలలకంటే చాలా కష్టం.

తర్వాత ఒక చీటీ రాసివ్వండి. చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడికి చీటీ సగం పని చేసిపెడుతుంది, డాక్టరు ముందు పెట్టి ఊరుకుంటే చాలు. ఈ పిల్లవాడికైతే ఇలా రాయవచ్చు:

"మగ, 23 ఏళ్లు. నెలన్నరగా మోషన్ తర్వాత ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతోంది. నొప్పి లేదు. బుడిపె బయటికి వచ్చి దానంతటదే లోపలికి పోతుంది. మలబద్ధకం ఉంది. బరువు తగ్గలేదు, కుటుంబంలో పేగు క్యాన్సర్ లేదు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, తల తిరుగుడు. డైక్లోఫెనాక్ అప్పుడప్పుడు వాడాడు, ఆపించాను. సీబీపీ, మలద్వార పరీక్ష కోసం పంపుతున్నాను."

డాక్టరును కలిసేదాకా ఏం ఇవ్వాలి

ముఖ్యమైనది ట్యూబు కాదు, ఇసబ్‌గోల్. మోషన్ మెత్తబడితేనే మొలమీద ఒత్తిడి తగ్గుతుంది. మొదటి రెండు రోజులు ఒక చెంచా, తర్వాత రెండు చెంచాలు, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. కలిపి పక్కన పెడితే గట్టిపడి గొంతులో అడ్డం పడవచ్చు. నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది. చాలామంది "పనిచేయలేదన్నా" అని తిరిగి వచ్చేది ఈ నీళ్ల దగ్గరే. పడుకోబోయే ముందు వద్దు, వేరే గోళీలకు దీనికి ఓ గంటా రెండు గంటలు ఎడం ఉండాలి. గుణం కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుందని ముందే చెప్పండి. లేకపోతే రెండోరోజే ఆపేసి, మోషన్ ఫ్రీ అయ్యే ఘాటు గోళీల కోసం ఇంకో షాపుకు పోతాడు.

గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం గురించి హాస్టల్ పిల్లలకు విడమరిచి చెప్పాలి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొనుక్కోమనండి. మోచెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి చాలు. మోషన్ అయ్యాక ఒకసారి, రాత్రి ఒకసారి, పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. డెట్టాల్ లాంటివి కలపొద్దు, ఆ చోట చర్మం మండిపోతుంది. తర్వాత రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి.

మత్తు మందు ఉన్న ఆయింట్‌మెంట్ నొప్పికి, దురదకు పనికొస్తుంది, రక్తాన్ని ఆపదు. నొప్పే లేని ఈ పిల్లవాడికి అది దాదాపు దండగ. అందుకే ఫోటోలో చూపించిన ట్యూబు ఇవ్వకుండా ఎందుకు ఇవ్వడంలేదో చెప్పండి. ఇవ్వాల్సిన వాళ్లకైనా వారం మించొద్దు. స్టెరాయిడ్ కలిసినదైతే డాక్టరు రాస్తేనే ఇవ్వండి, ఎక్కువ రోజులు పూస్తే చర్మం పలచబడుతుంది.

ఇంకొకటి అడగడానికి మొహమాటపడకండి: "దొడ్డికి ఫోన్ తీస్కపోతానవా?" చాలామంది అవుననే అంటారు. రీల్స్ చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చుంటే ఆ సిరల్లోకి రక్తం దిగి ఉబ్బుతూనే ఉంటుంది. ఫోన్ బయట పెట్టి, ఐదు నిమిషాల్లో లేచి రమ్మనండి, రాకపోతే ముక్కకుండా తర్వాత వెళ్లమనండి. తిండి మెస్‌లో మార్చలేడు కాబట్టి సాయంత్రం రెండు జామకాయలు, దొరికినప్పుడు జొన్న రొట్టె అని చెప్తే చాలు.

వారం చూడదగినవాళ్లు ఎవరు

పై కథలోంచి ఆయాసం, నెలన్నర రెండూ తీసేయండి. వయసులో ఉన్న పిల్లవాడు, ముక్కిన రోజు పైపైన కొంచెం ఎర్రటి రక్తం, నాలుగైదు రోజులుగా మాత్రమే, మిగతా ప్రశ్నలన్నిటికీ "లేదు". ఇతనికి ఇసబ్‌గోల్, నీళ్ల టబ్బు చెప్పి ఏడు రోజుల గడువు పెట్టవచ్చు. రక్తం ఆగకపోయినా, ఆగి మళ్లీ వచ్చినా డాక్టరే చూడాలి. రక్తం పడటం ఇది మొదటిసారైతే, తగ్గినా సరే ఒకసారి వీలు చూసుకుని పరీక్ష చేయించుకోమని చెప్పడం నా పద్ధతి. నలభై దాటినవాళ్లకు, బరువు తగ్గుతున్నవాళ్లకు, మోషన్ అలవాటు మూడు వారాలుగా మారినవాళ్లకు, ఇంట్లో పేగు క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే గోళీలు వాడేవాళ్లకు ఈ వారం గడువు కూడా వద్దు.

గడువు పెట్టినవాళ్లకు తిరిగి రావడం సులువు చేయండి. "వచ్చే సోమవారం ఇటే వచ్చి 'తగ్గింది' అనో 'తగ్గలే' అనో చెప్పు, ఇంకేం చెప్పనక్కర్లే" అనండి. మందు కాగితం కవర్లో పెట్టి ఇవ్వండి, బిల్లు మీద మీ ఫోన్ నంబర్ రాయండి. ఎదురుగా నిలబడి అనలేని మాటను చాలామంది రాత్రి మెసేజ్‌లో రాస్తారు. "మళ్లీ రక్తం పడింది" అన్న రెండు ముక్కలు వస్తే, రంగు, ఎంత, తల తిరుగుతోందా అని అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, సర్జన్ దగ్గరికి ఏరోజు పోతున్నాడో తేదీతో సహా చెప్పించుకోండి.